గరీబ్ కల్యాణ్ అంటే పేదల పెళ్లి కాదు

రేషన్ దుకాణం గోడ మీద రెండు పథకాల పేర్లు పక్కపక్కనే ఉన్నాయనుకుందాం. ఒకటి కల్యాణలక్ష్మి. 2014లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ పథకం పేదింటి ఆడపిల్ల పెళ్లికి డబ్బు సాయం చేస్తుంది. రెండోది ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ అన్న యోజన. కరోనా కాలంలో, 2020లో, కేంద్రం తెచ్చింది. హిందీ రాని తెలుగువాడు ఈ రెండో పేరును తనకు తెలిసిన మాటలతోనే చదువుకుంటే, పేదల పెళ్లిళ్లలో అన్నం పెట్టించే పథకం అనుకునే ప్రమాదం ఉంది. నిజానికది పేద కుటుంబాలకు మనిషికి నెలకు 5 కిలోల చొప్పున తిండిగింజలు ఉచితంగా ఇచ్చే పథకం.

హిందీలో కల్యాణ్ అంటే సంక్షేమం. అన్న అంటే తిండిగింజలు. యోజన అంటే పథకం. తెలుగులో యోజనం పాతకాలపు దూరం కొలత. విచిత్రమేమంటే, బయటి భాష నుంచి వచ్చిన ‘గరీబు’ మాత్రం రెండు భాషల్లోనూ ఒకే అర్థంతో ఉంది. దారి తప్పించినవి సంస్కృతం నుంచి వచ్చిన మాటలే.

వీటికంటే ముందు అందరికీ గుర్తొచ్చేవి వేరే ఉన్నాయి. మన గాలి హిందీవాళ్లకు తిట్టు. మన పిల్ల వాళ్లకు కుక్కపిల్ల. మన నాన్న వాళ్ల చెవికి అమ్మ తండ్రి. ఇవి నవ్విస్తాయి, అంతకు మించి హాని చేయవు. శబ్దం యాదృచ్ఛికంగా కలిసింది కాబట్టి అర్థం ఎక్కడో దూరంగా ఉంటుంది, వాక్యం అతకదు, పొరపాటు వెంటనే బయటపడుతుంది. తత్సమాల సంగతి అలా కాదు. అవి రెండు భాషలకూ ఒకే పుట్టింటి నుంచి వచ్చాయి. మనం చివర ‘ం’ చేర్చుకుంటాం, హిందీవాళ్లు చివరి అచ్చును మింగేస్తారు. అంతకు మించి రూపంలో తేడా కనబడదు. అర్థాలు కూడా ఇరుగుపొరుగువే. అందుకే తప్పు అర్థంతో చదివినా వాక్యం నిక్షేపంగా కుదురుతుంది.

ఎంత బాగా కుదురుతుందో ఒక వాక్యంతో చూడొచ్చు. తెలుగు కొత్తగా నేర్చుకుంటున్న ఒక హిందీ ఉద్యోగి, తోటి ఉద్యోగి తయారు చేసిన ప్రతిపాదన మీద తన అభిప్రాయం రాయాలనుకున్నాడు. అతని మనసులో ఉన్న హిందీ వాక్యం ఇది: ‘ఆప్ కే విచార్ కీ ఆలోచనా కర్‌నే కా అవ్‌సర్ మిలా’. మూడు ముఖ్యమైన మాటలూ తెలుగులో ఉన్నవే కదా అని ధైర్యంగా ఇలా రాశాడు: ‘మీ విచారం గురించి ఆలోచన చేసే అవసరం వచ్చింది.’

వ్యాకరణంలో తప్పు లేదు. చదివిన తెలుగువాడు, తనకేదో కష్టం వచ్చిందని విని ఈయన ఓదారుస్తున్నాడనుకుంటాడు. రాసినవాడు చెప్పదలచుకున్నదేమో, ‘మీ ఆలోచనను విమర్శించే అవకాశం దొరికింది’ అని. విమర్శ కాస్తా పరామర్శ అయిపోయింది.

ఇక్కడ జరిగినదాన్ని కాస్త నిదానంగా గమనించాలి. హిందీ విచార్‌కు తెలుగు ఆలోచన. హిందీ ఆలోచనాకు తెలుగు విమర్శ. హిందీ విమర్శ్‌కు తెలుగు చర్చ. బల్ల మీద వరసగా కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరూ పక్క చోటికి జరిగినట్టు, ఒక మాట కదిలితే ఖాళీ అయిన చోటికి ఇంకో మాట వచ్చింది. హిందీలో సంప్రదింపులను విచార్-విమర్శ్ అంటారు. వార్తల్లో రోజూ వినిపించే ఆ జంటపదం తెలుగు చెవికి దుఃఖమూ, తప్పుపట్టడమూ కలిసిన మాటగా తోస్తుంది. కాబట్టి ఇలాంటి మాటలను విడివిడిగా నేర్చుకుంటే సగమే నేర్చుకున్నట్టు. విచార్ అంటే ఆలోచన అని రాసుకున్న నోట్సులోనే, మరి ఆలోచనా అంటే ఏమిటన్నది కూడా రాసుకోవాలి.

సంస్కృతంలో విచారమంటే ఒక విషయాన్ని అన్ని వైపుల నుంచీ పరిశీలించడం. హిందీ ఆ దగ్గరలోనే ఆగింది. తెలుగులో పదే పదే ఆలోచించడం దిగులైంది, దిగులు దుఃఖమైంది. అయితే పాత అర్థం మన ఇంట్లోంచి పూర్తిగా పోలేదు. కోర్టులో కేసు విచారణకు వస్తుంది. ‘విచారించగా తేలింది’ అని పోలీసులు రాస్తారు. అక్కడ ఎవరూ ఏడవడం లేదు, ఆరా తీస్తున్నారు. మాట దారి మళ్లినా, దాని తోబుట్టువు పాత అర్థాన్ని పట్టుకుని కూర్చుంది. హిందీ అర్థం గుర్తుండటానికి ఈ తోబుట్టువును మించిన సాయం లేదు.

ఈ తోబుట్టువులు చాలా చోట్ల దొరుకుతాయి. ఆగ్రహం తెలుగులో కోపం. హిందీ ఆహ్వానపత్రికలో ‘ఆగ్రహ్’ అని ఉంటే తప్పక రావాలని గట్టిగా కోరడం. నమ్మకం కుదరకపోతే సత్యాగ్రహాన్ని తలుచుకోవచ్చు. గాంధీజీ పట్టుబట్టమన్నది సత్యం కోసం, కోపం తెచ్చుకోమని కాదు. కల్యాణం మనకు పెళ్లే అయినా, లోకకల్యాణం కోసం యజ్ఞం చేశారంటే లోకానికి పెళ్లి చేశారని ఎవరూ అనుకోరు. అన్నం ఉడికిన మెతుకులే, కానీ అన్నదాత అంటే గింజ పండించే రైతు.

రైతు ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే అందమైన మార్పిడి గురించి చెప్పుకోవాలి. హిందీలో కృషి అంటే సేద్యం. తెలుగులో కృషి అంటే పట్టుదలతో చేసే ప్రయత్నం. తెలుగులో సేద్యం వ్యవసాయం. హిందీలో వ్యవసాయ్ అంటే వ్యాపారం, వృత్తి. ఇప్పుడు సంస్కృతానికి వెళ్తే, కృషి దున్నడం, వ్యవసాయం దృఢమైన పూనిక. అంటే తెలుగు ఈ రెండింటినీ తారుమారు చేసింది: పూనికను పొలానికిచ్చి, దున్నకాన్ని పూనికకిచ్చింది. దున్నడంలో ఉన్న శ్రమ చూసిన జాతి ఇలా మార్చుకోవడంలో ఆశ్చర్యం లేదనిపిస్తుంది. ఇక్కడా పాత సాక్షి ఉంది, కృషీవలుడు. ఊళ్లో కృషి విజ్ఞాన కేంద్రం బోర్డు చూసినప్పుడు ఆ కృషీవలుడిని గుర్తు చేసుకుంటే, అది వ్యవసాయ పాఠాలు చెప్పే చోటని తెలిసిపోతుంది. హిందీ నుంచి తెలుగుకు వచ్చేవాళ్లకు మాత్రం ఇబ్బంది ఎక్కువ. ‘మా నాన్న వ్యవసాయం చేస్తారు’ అని తెలుగు స్నేహితుడు చెబితే, ఏ దుకాణమో ఉందని అనుకుంటారు.

శిక్ష విషయంలో తేడా చట్టం దాకా వెళ్లింది. 1860 నాటి నేరాల చట్టాన్ని తెలుగులో భారత శిక్షాస్మృతి అనేవాళ్లం, హిందీలో భారతీయ దండ్ సంహిత. 2024 జులై 1న దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. కేంద్రంలో మానవ వనరుల మంత్రిత్వ శాఖకు 2020లో హిందీలో శిక్షా మంత్రాలయ్ అని పేరు మార్చారు. అది బడులను, కాలేజీలను చూసే శాఖ. జైళ్లతో దానికి సంబంధం లేదు. నేర్పడం, క్రమశిక్షణలో పెట్టడం, దండించడం: మాట ఈ మెట్ల మీదుగా దిగింది. మొదటి మెట్టు మీద మనకింకా శిక్షణ అనే మాట మిగిలి ఉంది.

తెలుగువాళ్లు హిందీ మాట్లాడేటప్పుడు చేసే పొరపాట్లలో ఎక్కువ నష్టం కలిగించేది అవకాశం. ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకు వెళ్లిన కుర్రాడు చివర్లో వినయంగా ‘ఏక్ అవకాశ్ దీజియే’ అంటే, ఇంకా చేరకుండానే సెలవు అడుగుతున్నట్టు వినిపిస్తుంది. అతను అనాల్సింది అవ్‌సర్, లేదా మౌకా. సంస్కృతంలో అవకాశం అంటే ఖాళీ చోటు. పని చేయడానికి దొరికిన చోటును తెలుగు పట్టుకుంది, పని లేని ఖాళీని హిందీ పట్టుకుంది. మనం ‘సావకాశంగా మాట్లాడుకుందాం’ అన్నప్పుడు ఆ తీరికే పలుకుతుంది.

మాట పక్కన వచ్చే క్రియను బట్టి చాలాసార్లు అర్థాన్ని పట్టుకోవచ్చు. తెలుగులో శిక్ష వేస్తారు, శిక్ష పడుతుంది. హిందీలో శిక్షా ఇస్తారు, తీసుకుంటారు. ‘శిక్షా లీ’ అని వినగానే, శిక్షను ఎవరైనా వెళ్లి తీసుకుంటారా అన్న అనుమానం రావాలి. అవకాశం దగ్గర మాత్రం ఈ ఉపాయం పనిచేయదు. అవకాశం ఇచ్చారన్నా, అవకాశ్ ఇచ్చారన్నా క్రియ ఒకటే. ఎవరు ఎవరితో ఎప్పుడు అంటున్నారో చూసుకోవడం తప్ప అక్కడ దారి లేదు.

మనసు నొప్పించగల జంట ఇంకొకటుంది. తెలుగులో జాతి అంటే దేశప్రజలందరూ. జాతీయ జెండా, జాతిపిత. హిందీలో జాతి అంటే ముందుగా తోచేది కులం. హిందీ వ్యాసంలో తెలుగు విద్యార్థి మంచి ఉద్దేశంతో ‘హమారీ జాతి కే నేతా’ అని రాస్తే, అది మన కులం నాయకులని చదువుకుంటారు. జాతీయ అనే చోట హిందీకి రాష్ట్రీయ కావాలి. రాష్ట్రం మనకు ఆంధ్రప్రదేశో తెలంగాణో అయితే, హిందీ రాష్ట్ర్ మొత్తం దేశం. రాష్ట్రపతి దేశానికంతటికీ ప్రథమ పౌరుడన్న సంగతి గుర్తుంటే చాలు, ఇది మళ్లీ తప్పదు.

ఇది సంస్కృతపు మాటలకే పరిమితమైన సంగతి కూడా కాదు. పారసీ నుంచి వచ్చిన రాజీనామా మనకు పదవి వదులుకుంటూ ఇచ్చే కాగితం. మరాఠీ, కన్నడాల్లోనూ అంతే. హిందీలో దానికి ఇస్తీఫా అనాలి. అక్కడ రాజీనామా అంటే ఇరుపక్షాలూ ఒప్పుకుని రాసుకున్న ఒప్పందం. ‘రాజీ పడ్డారు’ అనే మన మాటలో ఆ అర్థం భద్రంగానే ఉంది.

ఏ తోబుట్టువూ దొరకని మాటలూ ఉన్నాయి. ఉపన్యాసం అలాంటిది. సభలో ఇచ్చే ప్రసంగానికి మనం వాడే ఈ మాటను హిందీవాళ్లు, బెంగాలీల లాగే, నవలకు పెట్టుకున్నారు. మనం ఇంగ్లిషు మాటకు దగ్గరగా నవల అనుకున్నాం. ప్రేమ్‌చంద్ 1936లో ప్రచురించిన ‘గోదాన్’ హిందీలో ఒక ఉపన్యాస్. ‘ప్రేమ్‌చంద్ ఉపన్యాస్ ఏదైనా చదివారా?’ అని హిందీ మాస్టారు అడిగితే, ఆయన ప్రసంగాలు పుస్తకంగా వచ్చాయా అని తెలుగు విద్యార్థి తడుముకుంటాడు. ఈ ఒక్కదాన్ని బట్టీ పట్టక తప్పదు.