లాభంలో కనిపించని పూచీకత్తు

వార్షిక నివేదిక చేతికొస్తే చాలామంది లాభం, డివిడెండ్ చూసి పక్కన పెట్టేస్తారు. ఛైర్మన్ సందేశం, రంగురంగుల ఫొటోలు దాటాక ఆడిటర్ నివేదిక వస్తుంది. అందులో సగానికిపైగా అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండే వాక్యాలే. 'అభిప్రాయం' అన్న శీర్షికకు 'క్వాలిఫైడ్' అనే మాట తగిలించి ఉందేమో చూడండి. ఉంటే, ఫలానా లెక్కతో ఆడిటర్ ఏకీభవించలేదని, లేదా తగిన ఆధారం ఆయనకు దొరకలేదని అర్థం. ఆ తర్వాత 'ఎంఫసిస్ ఆఫ్ మ్యాటర్' అన్న పేరా ఉందేమో వెతకండి. అభిప్రాయం మారలేదు గానీ ఫలానా నోట్ మాత్రం తప్పక చదవండి అని ఆడిటర్ నంబరుతో సహా చెప్పే చోటది. నేనైతే ముందు అదే చదువుతాను.

ఆ నంబరు చాలాసార్లు కంటింజెంట్ లయబిలిటీస్ నోట్‌కే తీసుకెళ్తుంది. కోర్టులో ఉన్న పన్ను వివాదాలు, కంపెనీ ఒప్పుకోని క్లెయిములు అక్కడుంటాయి. డబ్బు కట్టాల్సి వచ్చే అవకాశమే ఎక్కువైతే ఆ మొత్తాన్ని లాభంలోంచి తీసి కేటాయించాలి. కట్టాల్సి రావచ్చు, రాకపోవచ్చు అనుకుంటే నోట్‌లో రాస్తే చాలు. అవకాశం దాదాపు లేదనుకుంటే అదీ అక్కర్లేదు. ఈ మూడింట్లో ఏదన్నది ముందుగా తేల్చేది యాజమాన్యమే. పేచీ అంతా అక్కడే.

టెలికాం కంపెనీల ఏజీఆర్ బకాయిలు ఏళ్ల తరబడి ఇలా వివాదంలోనే నడిచాయి. 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ప్రభుత్వం పక్షాన తీర్పిచ్చింది. ఆ సెప్టెంబరు త్రైమాసికానికే వొడాఫోన్ ఐడియా 50 వేల కోట్ల రూపాయలకు పైగా, ఎయిర్‌టెల్ 23 వేల కోట్లకు పైగా నష్టం చూపాయి. బకాయిల్లో అసలు కంటే వడ్డీ, జరిమానా, జరిమానాపై వడ్డీలే ఎక్కువ. అందుకే నోట్‌లోని అంకెతో పాటు దాని కింద చిన్న అక్షరాల్లో వడ్డీ కలిపారో లేదో కూడా చూడాలి.

పన్ను వివాదం కనీసం బయటివాళ్లతో తగాదా. సొంతవాళ్ల అప్పుకు కంపెనీ ఇచ్చిన గ్యారంటీ అలాంటిది కాదు. ఊహకు ఒక కంపెనీని తీసుకుందాం. నెట్‌వర్త్ 400 కోట్లు, ఏడాది లాభం 45 కోట్లు. పన్ను వివాదాలు 60 కోట్లు, పెద్ద భయమేమీ లేదు. ఆ కిందే గ్యారంటీలు 310 కోట్లని ఉంది. ఎవరి కోసమన్నది ఆ నోట్ చెప్పదు. (కొన్ని కంపెనీలు గ్యారంటీలను వేరే నోట్‌లో పెడతాయి, ఇక్కడ లేనంత మాత్రాన అసలు లేవనుకోకండి.) జవాబు రిలేటెడ్ పార్టీ నోట్‌లో దొరుకుతుంది. ప్రమోటర్ కుటుంబానికి చెందిన ఒక విద్యుత్ కంపెనీ బ్యాంకు అప్పుకు మన కంపెనీ పూచీ పడింది. ఆ ప్లాంటు మూతపడితే బ్యాంకు వచ్చేది వాటాదారుల సొమ్ము మీదికే.

అదే నోట్‌లో ఇంకో వరుస. ఆ విద్యుత్ కంపెనీకే ఇచ్చిన అప్పు నిరుడు 55 కోట్లు, ఈ ఏడాది 70 కోట్లు. కొత్తగా ఇచ్చింది 8 కోట్లు, వడ్డీ ఆదాయంగా రాసుకున్నది 7 కోట్లు. 55కు ఈ రెండూ కలిపితే సరిగ్గా 70. అంటే ఏడాది పొడుగునా ఒక్క రూపాయి వడ్డీ కూడా చేతికి రాలేదు, అయినా 45 కోట్ల లాభం లెక్కలోకి ఆ 7 కోట్లూ చేరాయి.

ఇప్పుడు మళ్లీ ఆడిటర్ దగ్గరికి వెళ్లాలి. నివేదిక వెనక కారో అనే అనుబంధం ఉంటుంది. దాన్ని తిరగేసేవాళ్లు తక్కువ. అందులో మూడో క్లాజు అప్పులు, గ్యారంటీల గురించే. వాటి షరతులు కంపెనీకి నష్టం చేసేవా, అసలూ వడ్డీ సమయానికి వస్తున్నాయా, 90 రోజులు దాటిన బకాయిలున్నాయా, పాత బాకీ తీర్చడానికే కొత్త అప్పిచ్చారా అన్నవాటికి ఆడిటర్ అక్కడ సూటిగా జవాబివ్వాలి. నోట్‌లో మనం వేసుకున్న లెక్కకూ ఆయన జవాబుకూ పొంతన కుదరకపోతే సర్వసభ్య సమావేశంలో అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే.

అయితే ఇదంతా కాగితాలు నిజమైనప్పటి మాట. హైదరాబాద్‌కు చెందిన సత్యం కంప్యూటర్స్‌కు ఆడిటర్ నివేదికలు శుభ్రంగానే వచ్చాయి. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ ప్రమోటర్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను కొంటామని ప్రకటించింది, ఇన్వెస్టర్లు తిరగబడటంతో వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం ఆ కొనుగోలు, లేని ఆస్తుల స్థానంలో నిజమైనవి పెట్టడానికి చేసిన చివరి ప్రయత్నం. లేని బ్యాంకు నిల్వలు 5,040 కోట్లని అందులో రాశారు. రావాల్సిన వడ్డీగా పుస్తకాల్లో చూపిన 376 కోట్లు కూడా ఉత్తదేనని అదే లేఖలో ఉంది.