పాపాయి ఒంటి మీద ఎర్ర చుక్కలా? ముందు గాజు గ్లాసు తీసుకోండి

నేను డాక్టర్‌ని కాదు, ముందే చెప్తున్నా. కానీ మా అక్క వాళ్ల బాబుకి జరిగింది చూశాక ఈ ఎపిసోడ్ చెయ్యాలనిపించింది.

బాబుకి అప్పుడు ఎనిమిది నెలలు. ముందు రోజు సాయంత్రం నుంచి జ్వరం, 102 ఉంది. రాత్రి డైపర్ మారుస్తుంటే తొడల మీద గుండుసూది తలంత ఎర్ర చుక్కలు కనిపించాయి. అక్క ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టింది. "చెమటకాయలేలే, పౌడర్ వెయ్యి" అని పెద్దమ్మ. "వేడి చేసుంటుంది" అని ఇంకొకరు. నేనైతే థంబ్స్ అప్ కొట్టి పడుకోబోయా. నర్సుగా చేసే మా పిన్ని మాత్రం వెంటనే ఫోన్ చేసింది: "ఫోటోలో ఏం తెలుస్తుందే? గాజు గ్లాసు పెట్టి నొక్కి చూడు."

ఎలా చెయ్యాలంటే, రంగు లేని, డిజైన్ లేని గాజు గ్లాసు తీసుకోండి. దాని పక్క భాగాన్ని చుక్కల మీద పెట్టి కాస్త గట్టిగా అదమండి. గ్లాసులోంచే చూడండి. చుక్కలు పాలిపోయి మాయమయ్యాయా, లేక అలాగే కనిపిస్తున్నాయా? ట్రాన్స్‌పరెంట్ స్కేలైనా పర్లేదు.

దీని వెనక లాజిక్ సింపుల్. మామూలు ర్యాష్‌లో చర్మం కింది సన్నటి రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి. నొక్కితే రక్తం పక్కకి పోతుంది, ఎరుపు తగ్గుతుంది. నొక్కినా పోని చుక్క అంటే రక్తం నాళంలోంచి బయటికి కారి చర్మంలో నిలిచిపోయిందని. అది ఎంత నొక్కినా కదలదు. డెంగ్యూలో ప్లేట్‌లెట్లు పడిపోయినా ఇలా రావచ్చు. మెనింజోకాకల్ అనే బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్లినా రావచ్చు. ఈ రెండోది గంటల్లో ప్రాణం మీదకి తెస్తుంది. అందుకే జ్వరంతో పాటు నొక్కినా పోని చుక్కలుంటే తెల్లారేదాకా ఆగకూడదు, అప్పుడే హాస్పిటల్‌కి. బండి లేకపోతే 108కి ఫోన్ చెయ్యండి. జ్వరం లేకపోయినా ఇలాంటి చుక్కలుంటే అదే రోజు డాక్టర్ చూడాల్సిందే.

మన దగ్గర ఇంకో చిక్కుంది. చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఈ చుక్కలు సరిగ్గా కనపడవు. అరచేతులు, అరికాళ్లు, కింది కనురెప్ప లోపలి వైపు, నోట్లో అంగిలి చూడండి. అక్కడ రంగు పల్చగా ఉంటుంది కాబట్టి తెలుస్తుంది. ట్యూబ్‌లైట్ చాలకపోతే ఫోన్ టార్చ్ వెయ్యండి.

అక్క గ్లాసు పెట్టి నొక్కింది. చుక్కలు పోలేదు. ఆ అర్ధరాత్రే తీసుకెళ్లారు. బయల్దేరే ముందు పిన్ని ఇంకో పని చేయించింది: చుక్కలున్న చోటు చుట్టూ బాల్‌పెన్‌తో గీత గీసి, టైమ్ రాసుకోమంది. హాస్పిటల్ చేరేసరికి గీత బయట కూడా నాలుగైదు కొత్తవి వచ్చాయి. అది చూపించగానే డ్యూటీ డాక్టర్ వెంటనే బ్లడ్ తీశారు. డెంగ్యూ. ప్లేట్‌లెట్లు బాగా తగ్గాయి. ఐదు రోజులుంచి పంపించారు, ఇప్పుడు వాడు ఇల్లంతా పాకుతున్నాడు.

ఒక్క జాగ్రత్త. గ్లాసు పెడితే చుక్కలు పోయాయి కదా అని రిలాక్స్ అయిపోకండి. మెనింజోకాకల్ ర్యాష్ మొదటి గంటల్లో నొక్కితే పోవచ్చు కూడా. అందుకే ర్యాష్ కన్నా ముందు బిడ్డని చూడాలి. లేపినా సరిగ్గా లేవట్లేదా, ఒళ్లు వాల్చేస్తోందా, పాలు సగం కూడా తాగట్లేదా, ఊపిరికి డొక్కలు ఎగరేస్తోందా, మాడు ఉబ్బిందా? వీటిలో ఒక్కటున్నా, గ్లాసు ఏం చెప్పినా బయల్దేరండి. మూడు నెలల లోపు పిల్లలకైతే 100.4 జ్వరం ఒక్కటే చాలు, ర్యాష్ ఉన్నా లేకపోయినా అదే రోజు చూపించాలి.

నెల లోపు పసికందుకి నీటి పొక్కులు వచ్చినా, ఏ వయసు బిడ్డకైనా కాలినట్టు చర్మం ఊడొస్తున్నా అంతే. పసుపు, కొబ్బరినూనె, పౌడర్ ఏదీ రాయకండి. రాస్తే రంగు మారిపోయి డాక్టర్‌కి చూడటం కష్టం.

మరి నిజంగా చెమటకాయలైతే? మెడ మడతల్లో, వీపు మీద, బట్ట బిగిసిన చోట వస్తాయి. జ్వరం ఉండదు. బిడ్డ పాలు తాగి ఆడుకుంటూ ఉంటుంది. చల్లటి గదిలో వదులు బట్టలు వేస్తే తగ్గుముఖం పడతాయి. అక్క ఫోటోలో చుక్కలు కూడా అచ్చం అలాగే కనిపించాయి, నేను థంబ్స్ అప్ కొట్టింది అందుకే.