గీజరు వేస్తే ఎంసీబీ ఎందుకు పడిపోతోంది?

3 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల మీద సుమారు 13 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ చాలాలి. అయినా వేసిన పావుగంటకల్లా ట్రిప్ అవుతోంది, ముట్టుకుంటే వేడిగా ఉంది. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని 32 ఆంపియర్లది తెచ్చి బిగించడం. చేయగూడనిదీ అదే.

ఎంసీబీ లోపల రెండు లోహాలు అతికిన పట్టీ ఉంటుంది. కరెంటు ఎక్కువైతే అది వేడెక్కి, వంగి, స్విచ్‌ను పడగొడుతుంది. అయితే ఆ వేడి కరెంటు వల్ల వచ్చిందా, పక్కనుంచి పాకి వచ్చిందా అన్నది పట్టీకి తెలియదు. వైరు బిగించిన స్క్రూ వదులైతే అక్కడే నిప్పు రాజుకుంటుంది. ఆ అతుకులో నిరోధం 0.1 ఓమ్ ఉందనుకోండి, 13 ఆంపియర్లకు దాదాపు 17 వాట్ల వేడి పుడుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ పూర్తి లోడు మీద కూడా మూడున్నర వాట్లకు మించి వేడి పుట్టించకూడదన్నది ప్రమాణం. లోడు మామూలుగానే ఉన్నా పట్టీ ఎందుకు వంగుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

అందుకే ఎలక్ట్రీషియన్ వచ్చాక ముందు టాంగ్ టెస్టర్‌తో కరెంటు కొలవమనండి. 13 దగ్గరే ఉంటే గీజరు తప్పు లేనట్టే. తర్వాత మెయిన్ ఆపి స్క్రూలు చూడాలి. ఎంసీబీ ఒక్కటే ఆపితే చాలదు, దాని ఇన్‌కమింగ్ వైపు కరెంటు అలాగే ఉంటుంది. వైరు చివర నల్లబడినా, ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా, తొడుగు స్క్రూ కింద ఇరుక్కున్నా దొంగ దొరికినట్టే. మాడిన చివరను అలాగే బిగించి ఊరుకోకూడదు. మంచి రాగి కనిపించేదాకా కత్తిరించి, కొత్తగా తొడుగు తీసి బిగించాలి. నా అంచనాలో ఎక్కువసార్లు కథ ఇక్కడితోనే తీరిపోతుంది.

తీరకపోతే గీజరు వైరును పక్కనున్న, అదే రేటింగు గల మంచి ఎంసీబీకి మార్చి చూడాలి. అక్కడ నిలబడితే పాతది అరిగిందని అర్థం. షార్ట్ సర్క్యూట్లు తగిలి లోపలి కాంటాక్టులు గుంటలు పడతాయి. దాన్ని బాగుచేయడం ఉండదు, మార్చేయడమే.

సన్నని వైరు సంగతి వేరు. వదులు స్క్రూ దగ్గర వేడి ఒక్కచోటే ఉంటుంది, సన్నని వైరయితే పొడవునా వెచ్చగా ఉంటుంది. ఆ వేడి కొంత ఎంసీబీలోకీ పాకుతుంది. 3 కిలోవాట్ల గీజరుకు కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఉండాలి, 4 అయితే నిశ్చింత. పాత ఇళ్లలో లైట్ల కోసం లాగిన 1.5 వైరుకే గీజరు తగిలించడం కద్దు. దానికి 32 ఆంపియర్ల ఎంసీబీ పెడితే ట్రిప్పవడం ఆగుతుంది, గోడలో వైరు మాత్రం కాలుతూనే ఉంటుంది. ఎంసీబీ కాపాడేది గీజరును కాదు, ఆ వైరును. కాబట్టి వైరు మార్చకుండా ఎంసీబీ రేటింగు పెంచుతానంటే ఒప్పుకోకండి.