వీడ్కోలు పోస్టులో ‘నేను’ ఎంత?

2013 ఫిబ్రవరి 28న గ్రూపాన్ సీఈఓ ఆండ్రూ మేసన్ ఉద్యోగులకు వీడ్కోలు లేఖ రాశారు. కుటుంబంతో గడపడానికి వెళ్తున్నానని మొదలుపెట్టి, ఆ వెంటనే అదంతా సరదాకన్నాననీ, తనను ఆరోజే తీసేశారనీ చెప్పేశారు. షేరు ధర మార్కెట్లోకి వచ్చిన నాటితో పోలిస్తే దాదాపు పావువంతుకు పడిపోయిన సమయమది. సీఈఓగా దానికి బాధ్యత తనదేనన్నారు. ఉద్యోగులు మాత్రం గొప్పగా పనిచేస్తున్నారని, బయటి ప్రపంచం వాళ్లకు మరో అవకాశం ఇవ్వాలని రాశారు. తప్పు దగ్గర ‘నేను’, ఒప్పు దగ్గర ‘మీరు’.

లింక్డ్‌ఇన్‌లో మనకు కనిపించే వీడ్కోలు పోస్టులు చాలావరకు దీనికి తలకిందులుగా ఉంటాయి. పైన కంపెనీకి ఒక నమస్కారం, కింద సొంత విజయాల చిట్టా.

హైదరాబాద్‌లోని ఓ సాఫ్ట్‌వేర్ సంస్థలో ఆరేళ్లు టెస్టింగ్ చేసి, వేరే చోటికి వెళ్తున్న అమ్మాయి ఒకరు ఇలా రాశారనుకుందాం: “ఫ్రెషర్‌గా చేరి ఇరవై మంది టీమ్‌ను నడిపాను. మూడు పెద్ద ప్రాజెక్టులు గడువుకు ముందే పూర్తి చేశాను. ఈ అవకాశమిచ్చిన కంపెనీకి కృతజ్ఞతలు.” మర్యాదగానే ఉంది. అయితే కంపెనీ ఆమెకు ఏం చేసిందో ఇందులో ఎక్కడా లేదు. పేరు మార్చి మరో కంపెనీకి పంపినా సరిపోతుంది.

క్రియలకు కర్తను మార్చి చూస్తే అసలు విషయం బయటికొస్తుంది. “నన్ను తీసుకున్నప్పుడు నాకు కోడింగ్ సరిగ్గా రాదు. ఈ సంస్థ ఆర్నెల్లు జీతమిచ్చి నేర్పించింది. ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చాక నా పాత టీమ్‌నే నాకు మళ్లీ అప్పగించింది.” ఆమె టీమ్‌ను నడిపారన్న సంగతి ఇందులోనూ తెలుస్తోంది. కాకపోతే డప్పు వినిపించదు.

ఇక్కడ ధన్యవాదం సంస్థ పద్ధతికి, నిర్ణయానికి. పదిమంది మేనేజర్ల పేర్లు రాస్తే పదకొండో ఆయన నొచ్చుకుంటారు. వాళ్లకు విడిగా మెయిల్ పెట్టడమే నయం. సంస్థతో అంత సంతృప్తి లేకపోతే ‘కుటుంబం లాంటి కంపెనీ’ అని పొగడక్కర్లేదు. లోపలివాళ్లు చదివి నవ్వుకుంటారు. నెలనెలా తేదీకి జీతం పడిందా, రాత్రి షిఫ్టుకు క్యాబ్ వచ్చిందా, అంతవరకే చెప్పినా నిజాయితీగానే ఉంటుంది.

ప్రాజెక్టు గురించి రాసేటప్పుడు క్లయింట్ పేరు, వ్యాపార లెక్కలు బయటపెట్టకూడదు. చేరేటప్పుడు సంతకం పెట్టిన గోప్యత ఒప్పందం సాధారణంగా ఉద్యోగం వదిలాక కూడా వర్తిస్తుంది. పోస్టు ఎప్పుడు పెట్టాలన్నదీ చూసుకోవాలి. చివరి పనిదినం గడిచి, రిలీవింగ్ లెటర్ చేతికొచ్చాక పెడితే పేచీ ఉండదు. నోటీసు కాలంలోనే పెట్టేస్తే, ఇంకా సంగతి తెలియని క్లయింట్ అది చదివి నేరుగా మేనేజర్‌కు ఫోన్ చేస్తాడు.