ట్విస్టు కుదరాలంటే ఏ సీన్లు కదలాలి

తెలుగు సినిమా కథ డైలాగుల దాకా వెళ్ళే ముందు వన్‌లైన్ ఆర్డర్‌గా ఉంటుంది. ఒక్కో సీన్‌లో ఏం జరుగుతుందో ఒకటి రెండు వాక్యాల్లో వరసగా రాసుకున్న కాగితాలే అవి. ఇద్దరు ముగ్గురు సిట్టింగ్‌లో కూర్చుని దాన్ని అల్లుతుండగా, ఫస్టాఫ్ కుదిరిపోయిందనుకున్న సమయంలో, ఒకరికి ఓ మలుపు తడుతుంది. అందరికీ నచ్చుతుంది. తీరా చూస్తే ముందు రాసుకున్న నాలుగైదు సీన్లు దాన్ని ఒప్పుకోవు. మలుపును వదిలేయాలా, సీన్లను మార్చాలా అని వాదన మొదలవుతుంది. ఆ వాదనకు ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఏ సీన్‌లోని ఏ విషయం మలుపును కాదంటోంది?

ఇలాంటి కథ ఒకటి తీసుకోవచ్చు. రైస్ మిల్లు గుమస్తా సూర్యం, మిల్లు తగలబడిన రాత్రి చనిపోతాడు. పదేళ్ళ కొడుకు శ్రీను ఆస్పత్రిలో శవాన్ని చూస్తాడు. ఏటా తద్దినం నాటి రాత్రి తల్లి ఒంటరిగా భర్త ఫొటో ముందు కూర్చుని ఏడుస్తుంది. నిప్పు పెట్టించింది మిల్లు యజమానేనని నమ్మిన శ్రీను, పెద్దవాడయ్యాక పగతో ఊరికి తిరిగొస్తాడు. ఇక్కడ సహరచయిత ఒక మాట వేస్తాడు: ఇంటర్వెల్‌లో సూర్యం బతికి కనిపించాలి, నిప్పు పెట్టింది అతనే అయి ఉండాలి.

అప్పుడు ఫస్టాఫ్ సీన్లన్నీ మళ్ళీ చదువుతూ రెండు రకాల సంగతులను విడదీయాలి. పాత్రలు నోటితో చెప్పినవి ఒక రకం. అవి అబద్ధమో పొరపాటో కావచ్చు. ప్రేక్షకుడు కళ్ళారా చూసినవి రెండో రకం. వాటిని తర్వాత కాదంటే తనను మోసం చేశారనుకుంటాడు. ‘సూర్యం చాలా మంచోడు’ అని ఊరంతా అనడం మొదటి రకం, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. ఆస్పత్రిలో శవం ముఖం కనిపించడం రెండో రకం. తెర మీద అది ఉన్నంతకాలం ఈ మలుపు నిలవదు.

కాబట్టి ఆ సీన్ మారాలి. గుర్తుపట్టలేనంతగా కాలిన శవాన్ని శ్రీను చేతి గడియారం చూసి నాన్నేనంటాడు. దీంతో ఒక చిక్కు తీరి, మరొకటి పుడుతుంది. ఆ శవం ఎవరిది, గడియారం అతని చేతికెలా వచ్చింది? జవాబు కోసం కొత్త సీన్ పుట్టించే ముందు పాత సీన్లలో వెతకడం మేలు. ఈ కథలో సూర్యం మంచితనం చూపించడానికి రాసుకున్న సీన్ ఒకటుంది. నైట్ వాచ్‌మన్‌కు డ్యూటీ టైము తెలియడం లేదంటే సూర్యం తన గడియారం తీసి అతనికిచ్చేస్తాడు. దాన్ని మంటలు లేచే రోజు సాయంత్రానికి జరిపితే చాలు. అప్పుడది మంచితనంగానే కనిపిస్తుంది, ఇంటర్వెల్ దగ్గర అసలు అర్థం తెలుస్తుంది. సినిమావాళ్ళు ‘లీడ్’ అనేది దీన్నే. లీడ్‌కు అప్పటికప్పుడు వేరే పని ఉంటే ప్రేక్షకుడికి అనుమానం రాదు.

తల్లి విషయం ఇంత తేలిగ్గా తేలదు. భర్త బతికున్నాడని ఆమెకు తెలుసంటే, ఎవరూ లేనప్పుడు ఫొటో ముందు ఏడవడం దొంగ సీన్ అవుతుంది. పక్కన మనిషి ఉంటే నటించిందనుకోవచ్చు, ఒంటరిగా ఎవరి కోసం నటిస్తుంది? అందుకే ఆమెకు తెలియదనడమే బాగుంటుంది. ఆ ఏడుపు నిజమైనదిగానే మిగులుతుంది, సూర్యం చేసింది ఇంకా బరువెక్కుతుంది.

తర్వాత సూర్యం ఎందుకు చేశాడన్నది. లెక్కల్లో దొరికిపోతానన్న భయంతో ఖాతా పుస్తకాలు మాత్రమే తగలబెట్టబోయాడని, లోపల వాచ్‌మన్ నిద్రపోతున్నాడని తెలియదని పెడితే పాత మంచితనం పూర్తిగా కూలిపోదు. సెకండాఫ్ మాత్రం పాత పగ మీద నడవదు. మిల్లు యజమానిని వెంటాడే సీన్లు తీసేసి, వాచ్‌మన్ కుటుంబానికి చోటివ్వాలి. మలుపును అతికించి సెకండాఫ్‌ను అలాగే ఉంచేయడం ఎక్కువగా జరిగే పొరపాటు. ఇంటర్వెల్ తర్వాత కథ నీరసపడితే కారణాన్ని మొదట అక్కడే వెతకాలి.

మలుపు బలంగా ఉంటే ఎంత వెనక్కి వెళ్ళాలో డిస్నీ ‘ఫ్రోజెన్’ (2013) చూపిస్తుంది. అందులో ఎల్సాను మొదట విలన్‌గా అనుకున్నారు. ‘లెట్ ఇట్ గో’ పాట తయారయ్యాక ఆమె విలన్‌లా కాక భయంతో నలిగిన మనిషిలా వినిపించింది. పాటను ఉంచి, అంతకు ముందున్న కథను తిరగరాశారు.

ప్రతి మలుపుకూ ఇంత చేయక్కర్లేదు. శ్రీను కథ ఒంటరిగా కొడుకును పెంచిన తల్లి గురించైతే, తండ్రి రాకతో ఆమె పక్కకు పోతుంది. అప్పుడు మలుపునే వదులుకోవాలి. తేల్చుకునేదాకా పాత ఆర్డర్ కాపీని దాచి ఉంచడం మంచిది.

కొత్త ఆర్డర్‌ను కథ తెలియని మనిషికి చెప్పి చూడాలి. ఇంటర్వెల్‌కు ముందే సూర్యం బతికున్నాడని ఊహిస్తే, గడియారం సీన్‌లో ఎక్కడో ఎక్కువ చెప్పేశారు. మలుపు విన్నాక ‘అదెలా కుదురుతుంది?’ అంటే ఏదో సీన్ మారకుండా మిగిలిపోయింది. ‘ఓహో, గడియారం అందుకా’ అని తనంతట తను వెనక్కి వెళ్తే ఆర్డర్ కుదిరింది, డైలాగులు మొదలుపెట్టవచ్చు.