ఒకే ఏజెన్సీ, పోటీపడే ఇద్దరు క్లయింట్లు

ఒకే వ్యాపారంలో పోటీపడే ఇద్దరికి ఒకే ప్రకటనల ఏజెన్సీ పనిచేయడం, ఒప్పందంలో అడ్డు లేకపోతే, తప్పేమీ కాదు. చిక్కు రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకరి రహస్యం మరొకరి పనిలోకి జారిపోవడం మొదటిది. ఏ రహస్యమూ జారకపోయినా, ఒకరికి పూర్తిగా మేలు చేయాలంటే ఇంకొకరికి తగ్గించి చేయాల్సి రావడం రెండోది. మొదటిదాన్ని గోడ కట్టి ఆపవచ్చు. రెండోదానికి గోడ పనికిరాదు, కానీ చాలా ఏజెన్సీలు ఆ తేడా చూడవు.

విజయవాడలో ఎనిమిది మందితో నడిచే ఏజెన్సీ ఒకటి ఉందనుకుందాం. ఒక నగల దుకాణం దానికి పాత క్లయింటు. అక్షయ తృతీయ రెండు నెలలు ఉందనగా అదే వీధిలోని మరో నగల దుకాణం పని అప్పగిస్తామంటూ వచ్చింది. ఆ రోజు బంగారం ధర ఏ దుకాణంలోనైనా ఇంచుమించు ఒకటే కాబట్టి పోటీ అంతా తరుగు, మజూరీల మీదే. తరుగులో ఎంత తగ్గిస్తారు, ఏ రోజు ప్రకటిస్తారు అన్నదే అసలు గుట్టు. అది పండగకు కొన్ని వారాల ముందే డిజైనర్ కంప్యూటర్‌లోకి చేరుతుంది. ఆ ఏజెన్సీకి డిజైనర్ ఒక్కడే. మొదటి దుకాణానికి ‘తరుగు 8 శాతమే’ అని అక్షరాలు పేర్చినవాడినే రెండో దుకాణం యజమాని ‘మనం 9 పెడితే సరిపోతుందా?’ అని అడుగుతాడు. ‘ఇంకొంచెం తగ్గించండి’ అంటే గుట్టు చెప్పినట్టే. ‘సరిపోతుంది’ అంటే తెలిసి తెలిసి నష్టపరిచినట్టే. మాట్లాడకపోతే సలహాకు డబ్బు తీసుకుని సలహా ఇవ్వనట్టు.

ఇక పండగ రోజు పత్రిక మొదటి పేజీ. అది ఒక్కటే ఉంటుంది, ఇద్దరికీ అదే కావాలి. ఎవరి ఆర్డరు ముందు పంపినా రెండోవారి పట్ల ఏజెన్సీ తన పని సరిగా చేయనట్టే. ఇక్కడ దాచాల్సిన రహస్యమేదీ లేదన్నది గమనించాలి.

అందుకే పరిశీలన కొత్త క్లయింటు తన వివరాలు విప్పకముందే జరగాలి. విన్నదాన్ని విననట్టు చేయలేరు. మొదటి సంభాషణలో పేరు, ఊరు, ఏం అమ్ముతారు, ఏ పని కావాలి అన్నవి చాలు. పోటీ ఉందని తేలితే, పాత క్లయింటుకు చెప్పడానికి కొత్తవారి అనుమతి అడగాలి, ఎందుకంటే వాళ్లు ఏజెన్సీ మారుతున్నారన్న సంగతే ఒక గుట్టు కావచ్చు. ఆ తర్వాత ఇద్దరి సమ్మతీ రాతలో తీసుకోవాలి. ఎవరి పని ఎవరు చేస్తారు, ఫైళ్లు ఎవరికి కనిపిస్తాయి, ఒకే తేదీకి ఒకే చోటు ఇద్దరూ కోరితే ఏం చేస్తారు అన్నవి అందులో విడిగా రాయాలి. ‘అభ్యంతరం లేదు’ అన్న ఒక్క వాక్యం గొడవ వచ్చిన రోజున ఎవరికీ అక్కరకు రాదు. ఇద్దరిలో ఒకరు కాదంటే కొత్త పని వదులుకోవాల్సిందే.

పెద్ద సంస్థలు దీనికి వేరే దారి చూసుకున్నాయి. అమెరికాలో మారియన్ హార్పర్ 1961లో ఇంటర్‌పబ్లిక్‌ను ఏర్పరచిన ఉద్దేశాల్లో ఇదొకటి. యాజమాన్యం ఒకటే అయినా ఏజెన్సీలు వేరు, మనుషులు వేరు, పోటీదారులు తలో ఏజెన్సీలో. గోడ అప్పటికప్పుడు లేపితే చాలదని 1998లో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక ఆడిటింగ్ సంస్థ విషయంలో తేల్చింది. బ్రూనై యువరాజు జెఫ్రీ వ్యాజ్యంలో ఆయన తరఫున పనిచేసిన కేపీఎంజీ, తర్వాత ఆయన వ్యవహారాలకు సంబంధించిన దర్యాప్తును బ్రూనై ప్రభుత్వ పెట్టుబడి సంస్థ తరఫున చేపట్టింది. సిబ్బందిని వేరు చేశామని చెప్పినా, ఒకే విభాగంలో ఆ పనికోసం కట్టిన గోడ సరిపోదని, సమాచారం జారదని నిరూపించే భారం సంస్థదేనని న్యాయమూర్తులు అన్నారు. అది పోటీ వ్యాపారుల కేసు కాదు, ప్రకటనల ఏజెన్సీ కేసూ కాదు. అయినా గోడను ఎంతవరకు నమ్మవచ్చో దాన్ని బట్టి తెలుస్తుంది.

ఎనిమిది మంది ఉన్న చోట గోడ అన్న మాటే ఉండదు. బిల్లుల మీద సంతకం పెట్టే యజమానికి రెండు వైపులా తెలుసు. అలాంటి ఏజెన్సీ చేయగలిగింది పనిని పోటీ లేనంత చిన్నదిగా కోయడమే. రెండో దుకాణానికి దాని విశాఖపట్నం శాఖలో వెండి సామాను ప్రకటనలు మాత్రమే చేయడం, మొదటివారికి అక్కడ శాఖ లేకపోతే, కుదురుతుంది. అదీ కుదరకపోతే వద్దని చెప్పాలి. మొదటి క్లయింటు ఎప్పటికీ పోటీదారును తీసుకోవద్దని కోరితే, వదులుకునే ఆదాయానికి తగ్గట్టు నెలవారీ రుసుము పెంచమని అడగడం న్యాయమే.

పని మధ్యలో పోటీ మొదలైతే, ఉదాహరణకు చీరల దుకాణమే నగలు కూడా పెడితే, ఏజెన్సీ ఆ వారంలోనే ఇద్దరికీ చెప్పాలి. కొత్తగా వచ్చిన పెద్ద ఖాతా కోసం పాతవారిని వదిలించుకోవడం మాత్రం ఈ వృత్తిలో పేరు పోగొట్టుకునే పని. ఎవరిని వదిలినా గుట్టు కాపాడే బాధ్యత బిల్లుతో ముగియదు. పండగ సీజన్ ప్రణాళిక చేతిలో ఉండగా వదిలితే, ఆ సీజన్ దాటేవరకు పోటీదారు పనికి దూరంగా ఉండటం, ఫైళ్లు తిరిగిచ్చి డిజైనర్ కంప్యూటర్‌లోని నకళ్లు తీసేయడం కనీసం చేయాల్సినవి.