కోడ్ రాసింది ఒకరు, కారణం పట్టుకుంది ఇంకొకరు... క్రెడిట్ ఎవరికి?

అప్రైజల్ ఫారంలో ఒక గడి ఉంటుంది: 'ఈ ఏడాది మీ ముఖ్యమైన కాంట్రిబ్యూషన్ రాయండి' అని. ఒకే ప్రాజెక్టులో పనిచేసిన వాళ్లు ఎవరికి వాళ్లు దాన్ని నింపుతారు. ఆ ఫారాలన్నీ పక్కపక్కన పెట్టి చదివితే, ఒకే పనిని ఇద్దరు ముగ్గురు 'నేనే చేశాను' అని రాసుకున్నట్టు కనిపిస్తుంది. ఎవరూ అబద్ధం ఆడలేదు. కానీ రేటింగ్ ఇవ్వాల్సిన వాళ్లకి మాత్రం తల తిరుగుతుంది.

నేను నలుగురు ఉన్న ఓ చిన్న సాఫ్ట్‌వేర్ టీమ్‌కి లీడ్‌ని. రేటింగ్ వేసేది మేనేజరే. ఎవరేం చేశారో ఆధారాలతో రాసిచ్చే పని నాది. ఈసారి మా పేచీ అంతా ఒక్క పేజీ గురించే.

తొమ్మిది సెకన్ల పేజీ

మా షాపింగ్ యాప్‌లో 'నా ఆర్డర్లు' అనే పేజీ కొందరికి తెరుచుకోవడానికి 9 సెకన్లు పట్టేది. సర్వర్‌కి శక్తి చాలట్లేదని అందరం అనుకుంటుండగా, మా టెస్టర్ కంప్లైంట్లన్నీ ఓపిగ్గా చదివింది. పాత ఆర్డర్లు ఎక్కువగా ఉన్న కస్టమర్లకే ఈ బాధ అని, కొత్తవాళ్లకి పేజీ ఠక్కున వస్తోందని టికెట్‌లో రాసింది.

అది చూసి సీనియర్ డెవలపర్ డేటాబేస్ వైపు వెళ్లాడు. స్లో క్వెరీ లాగ్‌లో ఏమీ దొరకలేదు, ఎందుకంటే ఒక్కో క్వెరీ వేగంగానే ఉంది. అప్పుడు అతను పేజీ ఒక్కసారి తెరిస్తే ఎన్ని క్వెరీలు వెళ్తున్నాయో లెక్కపెట్టాడు. 200 ఆర్డర్లున్న అకౌంట్‌కి 201 వెళ్తున్నాయి! ఆర్డర్ల జాబితా కోసం ఒకటి, ప్రతి ఆర్డర్‌లోని వస్తువుల కోసం మళ్లీ ఒక్కొక్కటి. మా ఫీల్డ్‌లో దీన్ని 'ఎన్ ప్లస్ వన్' సమస్య అంటారు.

వాటన్నిటినీ ఒకే క్వెరీలోకి తెచ్చే కోడ్ రాసింది ఫ్రెషర్. నాలుగు రోజులు కూర్చున్నాడు. రివ్యూ చేసిన నాలుగో మనిషి ఒక పొరపాటు పట్టుకుంది. క్వెరీలో `INNER JOIN` ఉంది. మా సిస్టంలో ఆర్డర్ క్యాన్సిల్ చేస్తే దాని వస్తువుల వరసలు తీసేస్తారు. కాబట్టి క్యాన్సిల్ చేసిన ఆర్డర్లు పేజీలోంచే మాయమైపోతాయి. రీఫండ్ కోసం చూసేవాళ్లు గగ్గోలు పెట్టేవాళ్లే. దాన్ని `LEFT JOIN`గా మార్చాక పేజీ ఒక సెకను లోపే రావడం మొదలైంది.

ఇక ఫారాల దగ్గర మొదలైంది అసలు కథ. 'నేను ఫిక్స్ చేశాను' అని సీనియరూ రాశాడు, ఫ్రెషరూ రాశాడు. ఫ్రెషర్‌కి ఇది ప్రొబేషన్ ఏడాది. టెస్టర్, రివ్యూ చేసినామె ఈ పేజీ ఊసే ఎత్తలేదు.

గిట్ చెప్పేదెంత?

'గిట్‌లో చూస్తే తెలిసిపోతుందిగా' అంటారు చాలామంది. మెయిన్ బ్రాంచిలో చూస్తే ఆ పని మొత్తం ఒకే కమిట్, దాని మీద సీనియర్ పేరు ఉంది. దానికి కారణం కుట్రేమీ కాదు. అతను తన మెషీన్‌లో `git merge --squash` చేసి కమిట్ కొట్టాడు. అలా చేస్తే బ్రాంచిలోని కమిట్లన్నీ కలిసిపోయి, చివరికి కమిట్ కొట్టిన వాళ్ల పేరే రాతగాడిగా మిగులుతుంది. అదృష్టం కొద్దీ పాత బ్రాంచి ఇంకా డిలీట్ కాలేదు.

```
$ git shortlog -sn main..origin/orders-slow
    14  fresher
     2  senior
```

ఫ్రెషర్ కోడ్ రాశాడనడానికి ఇది గట్టి ఆధారం. అలాగని 14కి 2 కాబట్టి ఏడింతలు పని అనుకుంటే పొరపాటే. సీనియర్ చేసిన రెండు కమిట్లలో ఒకటి, క్వెరీలు లెక్కపెట్టిన ప్రయోగం. అది లేకపోతే మిగతా 14 ఉండేవే కావు. ఇక టెస్టర్, రివ్యూయర్ పేర్లు ఈ లెక్కలో సున్నా. గిట్ టైప్ చేసిన చేతుల్ని చూస్తుంది, పని తిప్పిన బుర్రల్ని చూడదు.

అందరి వాటాలూ కలిపితే వందకి మించి

1979లో మైకేల్ రాస్, ఫియోరె సికోలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు భార్యాభర్తల్ని విడివిడిగా అడిగారు, ఇంటి పనుల్లో మీ వాటా ఎంత అని. చాలా పనుల్లో ఇద్దరి జవాబులూ కలిపితే మొత్తం దాటిపోయింది. గొడవలకి కారణం కావడం లాంటి చెడ్డ విషయాల్లో కూడా అంతే. అంటే ఇది గొప్పలు చెప్పుకోవడం మాత్రమే కాదు. మనం చేసింది మనకి పూసగుచ్చినట్టు గుర్తుంటుంది, పక్కవాళ్లు పడ్డ పాట్లు అంతగా గుర్తుండవు.

అందుకే 'నీ వాటా ఎంత శాతం' అని నేను ఎవర్నీ అడగలేదు. నలుగురినీ విడివిడిగా రెండే ప్రశ్నలకి జవాబు రాయమన్నాను. ఒకటి, ఈ పనిలో మీరు లేకపోతే ఎక్కడ ఆగిపోయేది? రెండు, మిగతా ముగ్గురిలో ఒక్కొక్కరు లేకపోతే ఎక్కడ ఆగిపోయేది?

పనికొచ్చింది రెండో ప్రశ్నే. తన ఫారంలో ఈ పేజీ గురించి ఒక్క ముక్క కూడా రాసుకోని టెస్టర్ పేరు మిగతా ముగ్గురూ రాశారు. తర్వాత ప్రతి జవాబుకీ తేదీ ఉన్న ఆధారం వెతికాను: టికెట్ కామెంట్, బ్రాంచి, రివ్యూ కామెంట్. ఆధారం దొరకని చోట 'ఇది కాక ఇంకేం ప్రయత్నించారు, అది ఎందుకు కుదరలేదు?' అని అడిగాను. పని చేసినవాళ్లు విఫలమైన దారులు కూడా చెప్తారు. విన్నవాళ్లకి గెలిచిన దారి ఒక్కటే తెలుస్తుంది.

ముక్కలు కోయకుండా

'ఎవరు లేకపోయినా ఆగిపోయేది' అని తేలితే మరి ఎవరికి ఎక్కువ ఇవ్వాలి? ఈ ప్రశ్న దాకా వచ్చాక నలుగురినీ ఒకరితో ఒకరిని పోల్చడం ఆపేయాలి. ఒక్కొక్కరిని వాళ్ల హోదాలో ఆశించే పనితో పోల్చాలి. కారణం వెతికి పట్టుకోవడం సీనియర్ నుంచి ఆశించేదే, దాన్ని బాగా చేశాడు. సీనియర్ చెప్పిన పరిష్కారాన్ని నాలుగు రోజుల్లో కోడ్‌గా మార్చడం ఫ్రెషర్ నుంచి ఆశించినదానికంటే ఓ మెట్టు పైన. జాయిన్‌లో జరిగిన పొరపాటు రివ్యూలోనే ఆగింది కాబట్టి దాన్ని అతని లోపంగా రాయలేదు, ఆమె బలంగా రాశాను. టెస్టర్ పని బగ్ ఉందని చెప్పడం వరకే. ఎవరికి వస్తోందో, ఎవరికి రావట్లేదో తేల్చడం ఆమె హోదాని దాటిన పని.

ఈ పద్ధతికీ హద్దుంది. టాప్ రేటింగ్ టీమ్‌కి ఒక్కటే అన్నప్పుడు మళ్లీ పోల్చక తప్పదు. అప్పుడు ఒక్క ప్రాజెక్టు మీద తేల్చకూడదు, ఏడాది మొత్తం చూడాలి. అలా చూస్తే టెస్టర్ ఇలాంటి మలుపు ఇంకో రెండు పనుల్లో కూడా తిప్పింది. మేనేజర్ టాప్ రేటింగ్ ఆమెకే ఇచ్చారు. ఫ్రెషర్ ప్రొబేషన్ పూర్తయింది. సీనియర్‌కి మాత్రం కొంచెం కష్టంగానే ఉంది. తన గురించి రాసిన పేరా చదివి, 'ఇందులో తప్పేం లేదులే' అన్నాడు.

ఏప్రిల్ దాకా ఆగకుండా మీరు ఈ వారమే చేయగలిగినవి రెండున్నాయి. కలిసి రాసిన కోడ్‌కి కమిట్ మెసేజ్ చివర ఈ వరస పెట్టండి, పేరూ మెయిలూ మీ సహోద్యోగివి:

```
Co-authored-by: name <name@example.com>
```

రెండోది, కోడ్ రాయకుండా చేసిన పనిని అదే రోజు టికెట్‌లో రెండు వాక్యాల్లో రాయండి. ఏం గమనించారు, దానివల్ల ఏ నిర్ణయం మారింది అని. మా టెస్టర్‌కి టాప్ రేటింగ్ తెచ్చిపెట్టింది అలాంటి ఓ టికెట్ కామెంటే.